ముందు వచ్చిందా, ముందు చెల్లేదా?

"పాత సరుకు ముందు పంపించెయ్యి" అనే మాట మందుల హోల్‌సేల్ గోడౌన్‌లో రోజూ వినిపిస్తుంది. పాతది ఏదని అడిగితే చాలామంది ముందు దిగిన పెట్టెనే చూపిస్తారు. లెక్క తప్పేది అక్కడే. కంపెనీ డిపోలో ఏ మూలో పడి ఉన్న పెట్టె మనకు మే నెలలో రావచ్చు. ఫ్యాక్టరీ నుంచి తాజాగా బయల్దేరిన సరుకు అంతకుముందు మార్చిలోనే దిగి ఉండవచ్చు. అందుకే వచ్చిన రోజును కాకుండా గడువు తేదీని చూసి, ముందు చెల్లిపోయేదాన్ని ముందు పంపాలి. ఈ పద్ధతికి వ్యాపారంలో ‘ఫెఫో’ అని పేరు. ఫస్ట్ ఎక్స్‌పైరీ, ఫస్ట్ అవుట్ అన్నమాట.

ఒక షుగరు మాత్ర సంగతి చూద్దాం. మార్చిలో 4127 బ్యాచ్ 200 స్ట్రిప్పులు దిగాయి, గడువు 05/2027. మేలో 3986 బ్యాచ్ 150 స్ట్రిప్పులు వచ్చాయి, గడువు 11/2026. మందుపై నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల ఆఖరి రోజు దాకా చెల్లుతుంది కాబట్టి, రెండోదానికి 2026 నవంబరు 30 వరకు సమయం ఉంది. జులైలో 250 స్ట్రిప్పులకు ఆర్డరు వచ్చింది. వచ్చిన వరసలో ఇస్తే 4127 మొత్తం పోయి, 3986లో 100 మిగులుతాయి. వాటిని నాలుగైదు నెలల్లో అమ్ముకోవాలి. ఫెఫో ప్రకారం 3986 మొత్తం ఇచ్చి, 4127 నుంచి 100 కలిపితే మిగిలే వందకు మరుసటి ఏడాది మే వరకు గడువుంటుంది. అమ్మకం అదే, మిగిలిందీ అంతే. చేతిలో ఉన్న నెలలు మాత్రం రెట్టింపయ్యాయి. బిల్లులో ఇది రెండు బ్యాచ్‌లుగా, రెండు వరసల్లో కనిపించాలి.

ఇది జరగాలంటే సరుకు దిగినప్పుడే బ్యాచ్‌వారీగా ఎక్కించాలి. మొత్తం 350 అని ఒకే అంకె వేసుకున్నవారికి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ సాయం చెయ్యలేదు. ఎక్కించేటప్పుడు బిల్లును మాత్రమే చూడకుండా పెట్టె మీది అచ్చుతో కూడా సరిపోల్చాలి. 2026 బదులు 2028 అని పడిందంటే కంప్యూటరు ఆ బ్యాచ్‌ను వరసలో చివరికి నెట్టేస్తుంది. ఎవరూ ముట్టుకోకుండానే దాని గడువు తీరిపోతుంది.

ఇంతకన్నా తరచుగా జరిగే తప్పు ర్యాక్ దగ్గర ఉంటుంది. తెర మీద 3986 అని ఉంటుంది. కుర్రాడు చేతికందిన 4127 తీసి డబ్బాలో వేస్తాడు. సాయంత్రం మొత్తం స్టాకు లెక్క చక్కగా కుదురుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తెర మీద సున్నా అయిపోయిన బ్యాచ్ స్ట్రిప్పులు ర్యాక్‌లో కనిపించినప్పుడే దొంగ దొరుకుతాడు. స్టాకును మందువారీగా కాక బ్యాచ్‌వారీగా లెక్కపెట్టమనేది అందుకే. నాణ్యత పరీక్షలో తప్పిన మందుల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా బ్యాచ్ నంబర్లతో సహా ప్రకటిస్తుంది. అందులో 4127 ఉందనుకోండి. బిల్లులు పట్టుకుని వెతికితే అది అసలు చేరని షాపులకు వెళ్తాం, చేరిన షాపును వదిలేస్తాం.

అయితే ఫెఫోను కళ్లు మూసుకుని పాటించకూడదు. మూడు నెలలకు సరిపడా మందు కొనే రోగికి రెండు నెలల్లో గడువు తీరే స్ట్రిప్పులు అంటగట్టడం నా దృష్టిలో మోసమే. కనీసం ఇన్ని నెలల గడువుండాలని ఆర్డరులోనే రాసే ఆసుపత్రులున్నాయి. అలాంటప్పుడు ఆ షరతుకు తగని బ్యాచ్‌ను పక్కనపెట్టి, తగినవాటిలో ముందు చెల్లేదాన్ని తియ్యాలి.

టీకాల దగ్గర గడువు తేదీ కూడా ఆఖరి మాట కాదు. చాలా టీకా సీసాల మీద చిన్న వలయం, దాని మధ్యలో లేత రంగు చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ ఆ చదరం నల్లబడుతుంది. దాని రంగు వలయం రంగుతో కలిసిపోతే సీసాను పారెయ్యాల్సిందే. ఇంకా వాడదగ్గ సీసాల్లో చదరం ఎక్కువ నల్లబడినదాన్నే ముందు తీస్తారు, దాని గడువు మిగతావాటికన్నా దూరంగా ఉన్నా సరే. గడువు తేదీ వేసింది టీకా చల్లగా ఉంటుందన్న లెక్కతో కదా!

చిల్లర షాపులో ఇదంతా కత్తెర దగ్గరికి వస్తుంది. చాలా స్ట్రిప్పులకు బ్యాచ్, గడువు ఒక కొసనే అచ్చవుతాయి. తెలిసిన దుకాణదారు రెండో కొస నుంచి కత్తిరిస్తాడు, తేదీ ఉన్న ముక్కను చివరిదాకా ఉంచుకుంటాడు. మీ చేతికి తేదీ లేని ముక్క వస్తే అసలు స్ట్రిప్పు చూపించమని అడగండి. నెలల తరబడి వాడే మందైతే పై స్ట్రిప్పు ఒక్కటే చూసి ఊరుకోకండి. ఒకే కవరులో రెండు బ్యాచ్‌లు ఉండవచ్చు. ఒక్కో స్ట్రిప్పు తిప్పి చూసి, ముందు చెల్లేదాన్ని ముందు వాడండి. బిల్లు మీద ఆ బ్యాచ్ నంబరు ఉందో లేదో కౌంటరు దగ్గరే సరిచూసుకోండి.