గేట్‌వే పడిపోయినప్పుడు వర్కర్ ఏం చేయాలి?

బస్సు టికెట్‌కు డబ్బు కట్టగానే తెర మీద ‘బుకింగ్ అయింది’ అని వస్తుంది. సీటు నంబరు, బస్సు ఎక్కాల్సిన చోటు రాసిన ఎస్‌ఎంఎస్ మాత్రం రెండు మూడు సెకన్లు ఆగి వస్తుంది. ఈ రెండు పనులూ చేసేది ఒకే ప్రోగ్రాం కాదు. బుకింగ్ ప్రోగ్రాం ‘ఫలానా నంబరుకు ఫలానా మెసేజ్ పంపాలి’ అని ఒక చీటీ రాసి వరసలో పెట్టి, తర్వాతి ప్రయాణికుడి పని చూసుకుంటుంది. ఆ వరస పేరు క్యూ. వెనకాల కొన్ని వర్కర్లు ఉంటాయి. వాటి పని ఒక్కో చీటీ తీసుకోవడం, ఎస్‌ఎంఎస్ పంపే సంస్థ సర్వర్‌కు, అంటే గేట్‌వేకు, అప్పగించడం, అప్పగించాక ఆ చీటీని చెరిపేయడం.

గేట్‌వే మనది కాదు, ఎవరిదో. సంక్రాంతి రద్దీలో అది నలభై నిమిషాలు పడిపోయిందనుకుందాం. ఆ నలభై నిమిషాల్లో వచ్చిన చీటీల గతేమిటి?

క్యూ అన్నాక అవన్నీ భద్రంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. కానీ క్యూలో చీటీకీ ఆయుష్షు ఉంటుంది. అమెజాన్ వారి ఎస్‌క్యూఎస్ సంగతే చూడండి. వర్కర్ తీసుకున్న చీటీ కొంతసేపు మిగతా వర్కర్లకు కనబడదు. మనం మార్చకపోతే ఆ గడువు 30 సెకన్లు. వర్కర్ ఈలోగా పని ముగించి చెరిపేయకపోతే చీటీ మళ్ళీ వరసలోకి వస్తుంది. ఇలా ఎన్నిసార్లు రావచ్చో `maxReceiveCount` అనే సెట్టింగులో రాసుకుంటాం. ఐదు అని రాస్తే, ఐదుసార్లు తీసుకున్నా పని కాని చీటీ డెడ్ లెటర్ క్యూ అనే పక్క గదిలోకి పోతుంది. తప్పుడు ఫోన్ నంబరున్న చీటీ ఎప్పటికీ తిరుగుతూ ఉండకుండా చేసిన ఏర్పాటిది, మంచిదే. చిక్కల్లా ఆ ఐదు అవకాశాలు గేట్‌వే తప్పు వల్ల ఖర్చయినప్పుడు వస్తుంది. చీటీలో ఏ దోషమూ లేకపోయినా శిక్ష దానికే పడుతుంది.

ఇలాంటి సమయానికి సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర పాత మందొకటి ఉంది, సర్క్యూట్ బ్రేకర్. మైకేల్ నైగార్డ్ 2007లో వచ్చిన తన ‘రిలీజ్ ఇట్!’ పుస్తకంలో దీన్ని వివరించాక బాగా వాడుకలోకి వచ్చింది. 2012లో నెట్‌ఫ్లిక్స్ తన హిస్ట్రిక్స్ లైబ్రరీని అందరికీ ఉచితంగా ఇచ్చాక ఇంకా పాకింది. ఇంట్లో ఎంసీబీ ఉన్నట్టే ఇదీ. అవతలి సర్వర్ వరుసగా విఫలమవుతుంటే బ్రేకర్ తెరుచుకుని, ఇక అటు పిలుపులు పోనివ్వదు. కాకపోతే ఎంసీబీని మనమే లేచి వెళ్ళి పైకి నెట్టాలి. ఇది కాసేపాగి ఒక్క పిలుపును తనే పంపి చూస్తుంది. ఆ స్థితిని సగం తెరిచిన బ్రేకర్ అంటారు. ఆ పిలుపు పనిచేస్తే మూసుకుంటుంది, లేకపోతే మళ్ళీ తెరుచుకుంటుంది.

వెబ్‌సైట్ల విషయంలో ఈ మందు చక్కగా పనిచేస్తుంది. తెర ముందు కూర్చున్న మనిషిని పది సెకన్లు తిప్పి చివరికి ‘కాలేదు’ అనేకన్నా, ఆ మాట వెంటనే చెప్పడం నయం. అదే బ్రేకర్‌ను తెచ్చి క్యూ వర్కర్‌కు అలాగే తగిలిస్తే పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

నిమిషానికి 600 చీటీలు వస్తున్నాయి, వర్కర్లు ఇరవై, ఒక్కో పిలుపుకు టైమౌట్ పది సెకన్లు అనుకోండి. గేట్‌వే పడిపోయింది, జవాబే రావడం లేదు. బ్రేకర్ లేని వర్కర్ ఒక్కో చీటీ పట్టుకుని పది సెకన్లు ఎదురుచూసి వదిలేస్తుంది. ఇరవై వర్కర్లూ కలిసి సెకనుకు రెండు ప్రయత్నాలకు మించి చేయలేవు. నలభై నిమిషాల్లో అవి 4,800. చీటీకి ఐదు చొప్పున చూసుకుంటే, ఎంత చెడ్డా 960 చీటీలకు మించి చావవు. మిగతావి వరసలోనే ఉంటాయి. వర్కర్లు నత్తనడక నడవడమే వాటిని కాపాడింది!

ఇప్పుడు వెబ్‌సైట్ల బ్రేకరే పెట్టాం. అది తెరుచుకుంది. వర్కర్ చీటీ తీసుకుంటుంది, గేట్‌వేను పిలవబోతుంది, బ్రేకర్ ‘వద్దు’ అంటుంది, పని విఫలమైనట్టు లెక్క పడుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి వర్కర్ వెంటనే ఇంకో చీటీ తీసుకుంటుంది. వరసలో ఉన్నవన్నీ ప్రతి 30 సెకన్లకూ ఒక అవకాశం పోగొట్టుకుంటాయి. ఐదూ అయిపోయి పక్క గదికి చేరడానికి ఏ చీటీకైనా రెండున్నర నిమిషాలు చాలు. గేట్‌వే నలభయ్యో నిమిషంలో లేచేసరికి, మొదటి ముప్ఫయ్యేడున్నర నిమిషాల్లో వచ్చినవన్నీ, అంటే దాదాపు 22,500 చీటీలు, డెడ్ లెటర్ క్యూలో పడి ఉంటాయి. గేట్‌వేకు మాత్రం మంచి విశ్రాంతి దొరికింది.

అందుకే వర్కర్‌లో బ్రేకర్ ఉండాల్సిన చోటు వేరు. గేట్‌వేను పిలిచే ముందు కాదు, చీటీ తీసుకునే ముందు. బ్రేకర్ తెరిచి ఉంటే వర్కర్ అసలు క్యూ జోలికే పోకూడదు. తీసుకోని చీటీకి అవకాశం ఖర్చు కాదు. ఎస్‌క్యూఎస్ మామూలుగా నాలుగు రోజులు, మనం అడిగితే పద్నాలుగు రోజుల వరకు దాన్ని దాచి ఉంచుతుంది. నలభై నిమిషాలు దానికో లెక్క కాదు.

```python
while True:
    if r.exists("sms:open"):
        time.sleep(1)
        continue
    msg = receive_one()
    handle(msg)
```

ఇక్కడ `r` అంటే రెడిస్, వర్కర్లన్నీ చూడగలిగే ఉమ్మడి పలక. బ్రేకర్ స్థితిని ఏ వర్కర్‌కా వర్కర్ సొంతంగా పెట్టుకుంటే ఇరవైమందీ ఎవరికి వారే దెబ్బ తిని నేర్చుకోవాలి. ఉమ్మడి పలక మీద ఒకరు రాస్తే అందరూ ఆగుతారు. రాసేటప్పుడే `SET sms:open 1 EX 30` అని గడువు పెడితే, ముప్ఫై సెకన్లకు ఆ రాత దానంతట అదే చెరిగిపోతుంది.

చెరిగిన మరుక్షణం ఇరవై వర్కర్లూ ఒక్కసారే మీద పడితే మళ్ళీ మొదటికొస్తాం. పరీక్షకు ఒక్కరే వెళ్ళాలి. దానికి `SET sms:probe w7 NX EX 15` లాంటి తాళం వాడతారు. `NX` అంటే ఆ పేరుతో ముందే ఏమీ రాసి లేకపోతేనే రాయమని. మొదట రాసిన వర్కర్ వెళ్తుంది, మిగతావి ఆగుతాయి. గడువు 15 సెకన్లు ఎందుకంటే టైమౌట్ పది కాబట్టి. తాళం గడువు టైమౌట్‌కన్నా తక్కువైతే మొదటి పరీక్ష తేలకముందే రెండోది బయల్దేరుతుంది.

పరీక్షకు ఏం పంపాలన్నదీ ఆలోచించాల్సిందే. గేట్‌వే ‘ఆరోగ్యంగా ఉన్నాను’ అని చెప్పే చిరునామా ఒకటి ఇస్తుంది కానీ, దాన్ని నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆ పేజీ పలుకుతూనే ఉంటుంది, మెసేజ్‌లు మాత్రం కదలవు. నిజమైన చీటీ పంపడమే ఖాయమైన పరీక్ష. కాకపోతే పరీక్ష విఫలమైతే ఆ చీటీకి ఒక అవకాశం పోతుంది. ముందు చీటీకి నకలు తీసి క్యూలో పెట్టి, తర్వాత అసలును చెరిపేస్తే దాని లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈ క్రమం తిరగబడకూడదు. ముందే చెరిపితే, మధ్యలో వర్కర్ ఆగిపోయినప్పుడు చీటీ గల్లంతే.

ఇక అసలు తీర్పు చెప్పాల్సిన చోటు: ఏ వైఫల్యం ఎవరి తప్పు? టైమౌట్, కనెక్షన్ దొరకకపోవడం, 503 జవాబు గేట్‌వే తప్పులు. వీటిని బ్రేకర్ లెక్కలో వేయాలి. ఫోన్ నంబరులో తొమ్మిదే అంకెలున్నాయని వచ్చిన 400 జవాబు చీటీ తప్పు. దాన్ని నేరుగా పక్క గదికి పంపాలి, బ్రేకర్‌కు దానితో పని లేదు. 429 వస్తే మనమే ఎక్కువ తొందరపడుతున్నామని అర్థం. దానితోపాటు `Retry-After` వస్తే అందులో చెప్పినంతసేపు ఆగితే సరి.

ఈ మూడింటికీ అందని రకం ఒకటుంది, మనుషులు ఎక్కువగా పొరబడేది అక్కడే. గేట్‌వే ఖాతాలో డబ్బు అయిపోయింది, లేదా రహస్య కీ గడువు తీరింది. అప్పుడు వచ్చే 401 లాంటి జవాబులు చూడ్డానికి చీటీ తప్పులాగే ఉంటాయి కాబట్టి, ప్రోగ్రాం వాటిని ఒక్కొక్కటిగా పక్క గదికి సాగనంపుతుంది. కానీ అన్ని చీటీలకూ అదే జవాబు వస్తోందంటే తప్పు చీటీలది కాదు. ఇక్కడా బ్రేకర్ తెరుచుకోవాలి. అయితే ముప్ఫై సెకన్లు ఆగితే తగ్గే జబ్బు కాదిది. ఎవరో ఒకరికి ఫోన్ మోగాలి.

ఎన్ని విఫలమైతే తెరవాలి? వరుసగా ఐదు అనే నియమం తేలికే కానీ, నడుమ ఒక్కటి పోయినా లెక్క సున్నాకు వస్తుంది. సగం పిలుపులు విఫలమవుతున్నా బ్రేకర్‌కు తెలియకపోవచ్చు. నిష్పత్తి చూడటం మేలు. హిస్ట్రిక్స్ అలాగే చేసేది: పది సెకన్లలో కనీసం 20 పిలుపులు ఉండి, వాటిలో సగం విఫలమైతే తెరుచుకునేది. ఆ ‘కనీసం’ లేకపోతే, అర్ధరాత్రి వచ్చిన రెండు పిలుపుల్లో ఒకటి పోయినా తెరుచుకుని కూర్చుంటుంది.

గేట్‌వే లేచింది. వరసలో 24,000 చీటీలు ఉన్నాయి. మామూలుగా పిలుపుకు అర సెకను పడుతుందనుకుంటే ఇరవై వర్కర్లు సెకనుకు 40 పంపగలవు. కొత్తగా వచ్చే పదీ పోను ముప్ఫై చొప్పున తరుగుతూ పదమూడు నిమిషాల్లో బాకీ తీరిపోతుంది. కాగితం మీద బాగానే ఉంది. కానీ అప్పుడే తేరుకున్న గేట్‌వే మీద రోజూ వేసే బరువుకు నాలుగింతలు వేస్తున్నాం. ముందు ఒక వర్కర్‌ను, అది నిలిస్తే ఐదింటిని, ఆ తర్వాతే ఇరవైని వదలాలి. క్యూ పొడవు చూసి వర్కర్లను పెంచే ఆటోస్కేలర్ ఉంటే, బ్రేకర్ తెరిచి ఉన్నంతసేపూ దాన్ని ఆపి ఉంచాలి. లేకపోతే అది పెరుగుతున్న వరసను చూసి కంగారుపడి రెండొందల వర్కర్లను సిద్ధం చేసి పెడుతుంది.

బ్రేకర్ తీర్చలేని ఇబ్బందులు రెండున్నాయి. టైమౌట్ అయిన పిలుపు అవతల అందిందో లేదో మనకు తెలియదు. మళ్ళీ పంపితే ప్రయాణికుడికి అదే మెసేజ్ రెండుసార్లు రావచ్చు. ప్రతి చీటీకి ఒక గుర్తు సంఖ్య ఇచ్చి, దాన్ని గేట్‌వే గుర్తుపట్టేలా ఉంటేనే ఇది ఆగుతుంది. టికెట్ మెసేజ్ రెండుసార్లు వస్తే నష్టం లేదు కానీ, అదే పద్ధతిలో డబ్బు వాపసు చేసే క్యూ నడిపేవారు ఇది లేకుండా ముందుకు పోకూడదు.

రెండోది కాలం చెల్లడం. సీటు నంబరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చినా పనికొస్తుంది, ఓటీపీ పనికిరాదు. దాచి ఉంచి తర్వాత పంపితే మనిషిని గందరగోళపెట్టడమే. ఓటీపీలకు వేరే క్యూ పెట్టి, చీటీ మీద గడువు రాసి, గడువు దాటినవాటిని వర్కర్ తీసిన వెంటనే పారేయాలి. ఈమెయిల్ చీటీలకూ వేరే క్యూ ఉండాలి. అన్నీ ఒకే వరసలో ఉంటే ఎస్‌ఎంఎస్ గేట్‌వే కోసం ఆపిన బ్రేకర్, ఏ జబ్బూ లేని ఈమెయిళ్ళను కూడా ఆపేస్తుంది.

అంతా సరిగా అమరిందో లేదో తెలుసుకోవడానికి రెండు అంకెలు చూస్తే చాలు. గేట్‌వే పడి ఉన్నంతసేపూ వరసలో అన్నిటికన్నా పాత చీటీ వయసు, అంటే ఎస్‌క్యూఎస్‌లో `ApproximateAgeOfOldestMessage`, నిమిషానికి నిమిషం పెరుగుతూ పోవాలి. డెడ్ లెటర్ క్యూ అంకె కదలకూడదు. కదిలితే అందులోని చీటీలు తెరిచి చూడండి. తొమ్మిది అంకెల నంబర్లున్నవి కనిపిస్తే ఫరవాలేదు. మంచి నంబర్లున్నవి కనిపిస్తే వర్కర్ ఇంకా ఎక్కడో చీటీ తీసుకున్నాకే బ్రేకర్‌ను అడుగుతోందన్నమాట.