కోశాక కూడా పరిమళించే పువ్వు

పొద్దుగూకేముందు కోసిన మల్లెమొగ్గలు జడలోనే విచ్చుకుంటాయి. చెట్టుమీద ఉన్నప్పటికంటే ఎక్కువగా రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఘుమఘుమలాడతాయి. మన ఇళ్లలో అందరూ ఎరిగిన ఈ సంగతిలోనే పరిమళ ద్రవ్యాల పరిశ్రమకు సంబంధించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. గులాబీ తన వాసననంతా రేకుల్లో ముందే తయారుచేసి పెట్టుకుంటుంది. మల్లె, జాజి, మన పూల మార్కెట్లలో లిల్లీ పేరుతో కిలోల లెక్కన అమ్మే నేల సంపెంగ అలా దాచుకోవు. విచ్చుకుంటూ, వాడిపోతూ గంటగంటకూ కొత్తగా వాసన తయారుచేస్తూ వదిలేస్తుంటాయి. తొడిమ తెగిపోయినా ఆ పని ఆగదు. జాజిపువ్వు ఇంకో పగలూ రాత్రీ, లిల్లీ రెండు మూడు రోజులు పరిమళిస్తూనే ఉంటాయి.

అందుకే గులాబీకి పనికొచ్చే పద్ధతి వీటికి పనికిరాదు. కన్నౌజ్‌లో గులాబీరేకులను రాగి డేగిసాలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి అత్తరు తీస్తారు. జాజిపూలను అలా మరిగిస్తే ముందుగా పువ్వు చస్తుంది. ఆ నిమిషానికి రేకుల్లో ఉన్న కాసింత వాసనే దక్కుతుంది, రాబోయేదంతా రాకుండా పోతుంది. పైగా ఆ వేడికి సున్నితమైన భాగాలు మారిపోయి ఉడికిన పూలవాసన వస్తుంది. జాజి పరిమళం కావాలంటే పువ్వును బతకనిచ్చి అది వదిలేదాన్ని పట్టుకోవాలి, లేదంటే నిండుగా పరిమళించే గంట చూసి ఒక్కసారిగా పిండుకోవాలి. మొదటిది ఎన్‌ఫ్లూరాజ్, రెండోది ద్రావణితో తీయడం.

ఎన్‌ఫ్లూరాజ్‌కు పేరుమోసిన ఊరు దక్షిణ ఫ్రాన్స్‌లోని గ్రాస్. కొవ్వు తన పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుందన్న మాట మీద నడిచే పద్ధతి ఇది. చెక్కచట్రంలో గాజుపలక బిగించి, దానికి రెండువైపులా కొవ్వు పూస్తారు. శుద్ధిచేసిన పందికొవ్వు రెండు పాళ్లు, పశువుల కొవ్వు ఒక పాలు కలిపి, పాడవకుండా కాస్త సాంబ్రాణి జాతి బంక చేర్చేవాళ్లు. ఈ పాళ్ల వెనుక ఎంతో అనుభవం ఉంది. కొవ్వు మరీ మెత్తనైతే పువ్వుకు అంటుకుని దానితోపాటు పోతుంది, మరీ గట్టిదైతే వాసన పీల్చదు. దానిమీద గాట్లు పెట్టి, పూలను ఒక్కొక్కటిగా పరిచి, చట్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చేవాళ్లు. కింది చట్రంలోని పూల వాసనను వాటికింద ఉన్న కొవ్వుతోపాటు పైచట్రం అడుగునున్న కొవ్వు కూడా అందుకుంటుంది. గది చల్లగా ఉండాలి.

జాజి అయితే మర్నాటికి, లిల్లీ అయితే రెండు మూడు రోజులకు పూలు తీసేయాలి. చట్రాన్ని బల్లకేసి తడితే చాలామటుకు రాలిపోతాయి, అంటుకున్నవాటిని ఆడవాళ్లు కూర్చుని చేత్తో ఏరేవాళ్లు. ఇక్కడే పని చెడే అవకాశం ఎక్కువ. ఒక్క రేకు మిగిలినా అది కుళ్లి ఆ వాసన కొవ్వులో దిగుతుంది. మంచు తడి ఆరని పూలు వేస్తే బూజు పడుతుంది. కొవ్వు ముక్కిపోతే నెలల శ్రమ వృథా. పాతపూలు ఏరేశాక చట్రం తిప్పి మళ్లీ కొత్తపూలు పరవాలి. పూత ఉన్నన్నాళ్లూ అదే కొవ్వుమీద ఈ పని సాగుతుంది. ముప్పై ఆరుసార్లు పూలు మార్చిన కొవ్వును 36వ నంబరు పొమేడ్ అనేవాళ్లు, మేలు రకమంటే అదే. ఆ పొమేడ్‌ను ఆల్కహాల్‌తో కడిగితే వాసన ఆల్కహాల్‌లోకి దిగుతుంది. దాన్ని బాగా చల్లబరచి, గడ్డకట్టిన కొవ్వు వడకట్టి, ఆల్కహాల్‌ను ఆవిరిచేస్తే మిగిలే చిక్కటి ద్రవమే అబ్సల్యూట్. వాసన పూర్తిగా వదలని పాతకొవ్వు సబ్బుల తయారీకి పోయేది.

ఈ చాకిరీకి ఫలితం లేకపోలేదు. గత శతాబ్దం మొదట్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హెస్సె ఒకే పువ్వును రెండు పద్ధతుల్లోనూ తీసి పోల్చాడు. ద్రావణితో వచ్చినదానికంటే కొవ్వుకు పట్టిన సుగంధ తైలం అనేక రెట్లు ఎక్కువని తేలింది. ఆ తేడా జాజిలోకంటే లిల్లీలో ఇంకా ఎక్కువ కనిపించింది. చట్రంమీద పడుకున్న ఆ ఒకటి రెండు రోజుల్లో పువ్వు కొత్తగా తయారుచేసినదే ఆ ఎక్కువంతా.

ఇదే కిటుకు మన దేశంలోనూ ఉంది, మనవాళ్లు కొవ్వుకు బదులు నువ్వులు వాడారు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ పొట్టుతీసిన నువ్వులతో చేసే చమేలీ నూనెకు పేరుబడ్డ ఊరు. ఒక వరస నువ్వులు, ఒక వరస పూలు పరిచి, పూలు వాడగానే జల్లించి కొత్తవి వేస్తారు. నువ్వుగింజలోని నూనె వాసన పీల్చుకుంటుంది. చాలినంత పట్టాక గానుగాడిస్తే తలకు రాసుకునే పరిమళ తైలం వస్తుంది. పందికొవ్వు ముట్టనివాళ్లకు ఇంతకంటే చక్కని ఉపాయం నాకు తోచదు.

గ్రాస్‌లో చట్రాల పని రెండో ప్రపంచయుద్ధం తర్వాత దాదాపు ఆగిపోయింది. ఇన్ని చేతులకు కూలి ఇచ్చే స్తోమత ఏ ఫ్యాక్టరీకీ లేకపోయింది. ఇప్పుడు కొద్దిమంది చిన్న తయారీదారులు మాత్రం శాకాహార కొవ్వులతో ఆ పద్ధతిని బతికిస్తున్నారు. మార్కెట్లోకి వచ్చే జాజి, మల్లె, లిల్లీ సారమంతా దాదాపుగా ద్రావణితో తీసిందే. అందులో పెద్దభాగం భారతదేశం, ఈజిప్టుల నుంచే వెళ్తుంది. మనకు దగ్గరగా ఉన్న కేంద్రం తమిళనాడు. కోయంబత్తూరు, మదురై, దిండిగల్ చుట్టుపక్కల ఈ ఫ్యాక్టరీలున్నాయి.

జాజి తోటలో పని తెల్లవారకముందే మొదలవుతుంది. రాత్రి విచ్చిన పువ్వు ఎండ ఎక్కేలోగా బుట్టలో పడాలి, వెంటనే ఫ్యాక్టరీ చేరాలి. బస్తాలో కుక్కితే లోపల వేడి పుట్టి, రేకులు గోధుమరంగుకు తిరిగి పులుస్తాయి. అలాంటి పూలనుంచి తీసిన సారంలో ఆ పులిసిన వాసన చివరిదాకా ఉండిపోతుంది. మల్లెకు లెక్క వేరు. మొగ్గలు పగలే వస్తాయి. వాటిని నేలమీద పలచగా ఆరబోసి విచ్చేదాకా ఆగి, రాత్రిపూట యంత్రంలో వేస్తారు. మొగ్గగా వేస్తే వాసన ఉండదు, తెల్లారేదాకా ఆగితే చాలాభాగం గాలిలో కలిసిపోతుంది.

యంత్రమంటే పెద్ద ఉక్కు పాత్ర. లోపల చిల్లుల పళ్లేలు వరసగా ఉంటాయి. కింది పూలు పైవాటి బరువుకు నలగకూడదు కదా. పెట్రోలియంనుంచి వచ్చే హెక్సేన్ అనే ద్రవాన్ని పూలు మునిగేలా నింపి, రెండు మూడు సార్లు కడుగుతారు. సుగంధంతోపాటు రేకులమీది మైనం, రంగు కూడా అందులో కరుగుతాయి. తర్వాత పాత్రలోని గాలి తోడేసి, తక్కువ వేడిమీదే హెక్సేన్‌ను ఆవిరిచేసి, చల్లార్చి మళ్లీ వాడుకుంటారు. అడుగున మిగిలే మైనపు ముద్దను కాంక్రీట్ అంటారు. దాన్ని ఆల్కహాల్‌లో కలిపి, సున్నాకు బాగా కింది ఉష్ణోగ్రతకు చల్లబరిస్తే మైనం విరిగి వేరవుతుంది. వడకట్టి ఆల్కహాల్ తీసేస్తే అబ్సల్యూట్ మిగులుతుంది.

ఇప్పుడు ఒక టన్ను పూల లెక్క వేసుకుందాం. వెయ్యి కిలోల జాజిపూలకు సుమారు మూడు కిలోల కాంక్రీట్ వస్తుంది. అందులో సగం మైనం పోగా దక్కేది కిలోన్నర అబ్సల్యూట్. కిలో జాజిపూలంటే దాదాపు ఎనిమిది వేలనుంచి పదివేల పువ్వులు. అంటే ఒక్క కిలో అబ్సల్యూట్ వెనుక, ఒక్కొక్కటిగా వేళ్లతో తుంచినవి అరవై లక్షల పువ్వులదాకా ఉంటాయి. చెయ్యి తిరిగిన మనిషి కూడా ఒక ఉదయానికి రెండు మూడు కిలోలకు మించి కోయలేదు. పూలు కిలో మూడు వందలు పలుకుతున్నాయనుకుంటే, కిలో అబ్సల్యూట్‌కు పూల ఖర్చే రెండు లక్షల రూపాయలు. హెక్సేన్, ఆల్కహాల్, కరెంటు, కూలి, లాభం దీనిమీద చేరతాయి.

లిల్లీ దగ్గర ఈ లెక్క ఆశ్చర్యపరుస్తుంది. పువ్వు చౌక, కిలో వంద రూపాయలే అనుకుందాం. కానీ వెయ్యి కిలోల పూలకు కాంక్రీట్ కిలోకు అటూఇటూగానే వస్తుంది, అందులో అయిదింట నాలుగు పాళ్లు మైనమే. చివరికి చేతికి వచ్చేది రెండు వందల గ్రాములు. కిలో అబ్సల్యూట్‌కు అయిదు టన్నుల పూలు, అంటే పూలకే అయిదు లక్షలు. తనకున్న వాసనను రోజుల తరబడి నెమ్మదిగా ఇచ్చే పువ్వును ఒక్కగంటలో ద్రావణిలో ముంచేస్తున్నందుకు కట్టే మూల్యం ఇది. ఎన్‌ఫ్లూరాజ్ పోవడంవల్ల ఎక్కువ నష్టపోయింది లిల్లీయే అని నా అభిప్రాయం.

ఈ పూల ధర కూడా నిలకడగా ఉండదు. ఫ్యాక్టరీ పోటీపడాల్సింది ఇంకో ఫ్యాక్టరీతో కాదు, పెళ్లిమండపంతోనూ గుడితోనూ. ముహూర్తాల రోజుల్లో మూరల లెక్కన అమ్మేవాడు ఇచ్చే ధర ఫ్యాక్టరీ ఇవ్వలేదు. ముహూర్తాలు లేని ఆడి మాసంలోనో, పూత విరగబడి మార్కెట్లో ధర పడిపోయినప్పుడో రైతు ఫ్యాక్టరీ వైపు చూస్తాడు. కడియం, గుడిమల్కాపూర్ మార్కెట్లకు లిల్లీ వేసుకెళ్లే మన రైతులకు ఈ ఎత్తుపల్లాలు కొత్తకాదు. ఒకరోజు వందలు పలికిన పువ్వు మరో రోజు కోతకూలికి కూడా రాదు. సారం లక్షల్లో అమ్ముడుపోతున్నా, ఆ పువ్వు తెంపిన చేతికి దక్కేది రోజుకూలే అన్నది ఈ వ్యాపారంలో నన్ను బాధపెట్టే విషయం.

ఇంత ఖరీదున్నచోట నకిలీ రాకమానదు. జాజిలో ఎక్కువగా ఉండే బెంజైల్ ఎసిటేట్‌ను ఫ్యాక్టరీలో చాలా చౌకగా చేయొచ్చు. సబ్బుల్లో, అగరుబత్తుల్లో మనం జాజి అనుకునేది చాలావరకు అలాంటి మిశ్రమమే. దాన్ని దాని పేరుతో అమ్మితే తప్పేమీ లేదు. అయితే అసలు అబ్సల్యూట్‌లో వందలకొద్దీ పదార్థాలుంటాయి. వాటిలో ఇండోల్ ఒకటి. అది విడిగా చూస్తే నాఫ్తలీన్ ఉండల్లా ముక్కుకు ఎక్కుతుంది, పశువుల కొట్టం గుర్తొస్తుంది. కానీ ఆ కాసింత లేకపోతే జాజి వాసన సబ్బువాసన అయిపోతుంది.

కొనేవాళ్లు చేసే మొదటి పరీక్ష చాలా సులువు. సారాన్ని ఆల్కహాల్‌లో పలచగా కలిపి, కాగితపు పట్టీమీద చుక్క వేసి, వెంటనే ఒకసారి, మర్నాడు ఒకసారి వాసన చూస్తారు. చౌక మిశ్రమంలోని బెంజైల్ ఎసిటేట్ త్వరగా ఎగిరిపోతుంది, మర్నాటికి పట్టీ దాదాపు ఖాళీ. అసలుదైతే ముదురు తేనెలా, కాస్త పండువాసనతో ఇంకా నిలిచి ఉంటుంది. కిరసనాయిలు ఛాయ తగిలితే హెక్సేన్ పూర్తిగా తీయలేదని అర్థం. తెలివైన కల్తీ ముక్కుకు దొరకదు, దానికి గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించాలి. అంతదాకా పోనక్కర్లేని లెక్క కూడా ఒకటుంది. పైన వేసిన లెక్క ప్రకారం పది గ్రాముల జాజి అబ్సల్యూట్‌కు పూల ఖర్చే రెండు వేల రూపాయలు. అలాంటప్పుడు మూడు వందలకు అమ్మే సీసాలో స్వచ్ఛమైన జాజి అబ్సల్యూట్ ఉండే వీలే లేదు.