టీవీ కొనేముందు కంపెనీకి ఒక మెయిల్

గల్ఫ్‌లో మనవాళ్లు టీవీ కొనేటప్పుడు అడిగేవి మూడే. ఎన్ని ఇంచులు, ఎంత ధర, వారంటీ ఎన్నేళ్లు? కానీ స్మార్ట్ టీవీ తెర బాగానే ఉన్నా, లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడిపోతుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేస్తాయి. 2019 డిసెంబర్ 1 నుంచి 2010, 2011 నాటి కొన్ని శాంసంగ్ టీవీల్లో నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. టీవీ చెడిపోలేదు, యాప్ మాత్రం రాలేదు. అందుకే అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కూడా కొనకముందే అడగాలి. అదీ షాపువాణ్ని కాదు, కంపెనీని.

షార్జాలో మేం ఆరుగురం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. 2025 నవంబర్‌లో తలా 250 దిర్హాములు వేసుకుని, 1,500కి ఒక 55 ఇంచుల టీవీ చూసిపెట్టుకున్నాం. అప్‌డేట్ల సంగతి అడిగితే సేల్స్‌మన్ "జిందగీభర్ ఆతా హై భాయ్" అన్నాడు. మాతో ఉండే కరీంనగర్ అన్న ఒప్పుకోలేదు. "నోటిమాట ఎందుకు తమ్మీ, కంపెనీతోనే రాయించుకుందాం" అన్నాడు. సరేనని ఆ రాత్రే కంపెనీ కస్టమర్ సపోర్టుకు మెయిల్ పెట్టాం.

మెయిల్‌లో ఏం రాశాం?

అన్నిటికంటే ముందు పూర్తి మోడల్ నంబర్ రాశాం. "55 ఇంచుల ఫోర్‌కే" అంటే సరిపోదు. డబ్బా మీది స్టిక్కర్‌పై అక్షరాలు, అంకెలు కలిపి ఉన్న నంబర్‌ను చివరి అక్షరం దాకా రాయాలి. ఒకేలా కనిపించే టీవీకి దేశాన్ని బట్టి నంబర్ మారుతుంది. కొనేది యూఏఈలో అని కూడా చెప్పాం. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడిగాం.

"ఈ మోడల్ మార్కెట్లోకి ఏ నెల, ఏ ఏడాది వచ్చింది? దీనికి కొత్త వెర్షన్లు ఏ నెల, ఏ ఏడాది వరకు ఇస్తారు? సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటివరకు ఇస్తారు?"

కొత్త వెర్షన్ అంటే మెనూ, సౌకర్యాలు మారడం. సెక్యూరిటీ అప్‌డేట్ అంటే దొంగ ప్రోగ్రాములు దూరే సందులను మూయడం. మొదటిది ఆగినా రెండోది కొన్నాళ్లు రావచ్చు. అందుకే రెండూ విడివిడిగా అడగాలి.

మూడు రోజులకు జవాబు వచ్చింది. "అవసరాన్ని బట్టి ఎప్పటికప్పుడు అప్‌డేట్లు విడుదల చేస్తాం" అని ఉంది. అది జవాబు కిందికి రాదు. అదే మెయిల్‌కు రిప్లై ఇచ్చి, "మాకు తేదీ కావాలి. తేదీ నిర్ణయించకపోతే ఆ మాటే రాయండి" అన్నాం. వారం తర్వాత అసలు విషయం బయటపడింది. మోడల్ వచ్చింది 2023 మార్చిలో. రెండు రకాల అప్‌డేట్లూ విడుదలైన నాటి నుంచి ఐదేళ్లు.

లెక్క ఇక్కడే మారింది. మేం కొన్న రోజు నుంచి ఐదేళ్లు అనుకున్నాం. కానీ గడువు 2028 మార్చితో అయిపోతుంది. అంటే మాకు మిగిలేది 28 నెలలే. అదే షాపులో అదే కంపెనీ టీవీ, 2025 మార్చిలో వచ్చిన మోడల్ 1,800 దిర్హాములకు ఉంది. దాని గురించి కూడా మెయిల్ పెడితే 2030 మార్చి వరకు అన్నారు. అంటే 52 నెలలు. పాతదానికి అప్‌డేట్ వచ్చే నెలకు 54 దిర్హాముల దాకా పడుతుంటే, కొత్తదానికి 35 లోపే పడింది. తలా ఇంకో యాభై వేసుకుని కొత్తదే తెచ్చుకున్నాం.

చట్టం ఏమంటుంది?

యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి అమలైన నిబంధన ప్రకారం, ఒక మోడల్‌లో చివరి టీవీ మార్కెట్లోకి వచ్చాక కనీసం 8 ఏళ్ల పాటు సెక్యూరిటీ అప్‌డేట్ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటివరకు ఇస్తారో తయారీదారు ముందే ప్రకటించాలి. కానీ ఇవి అక్కడ అమ్మే టీవీలకు సంబంధించినవి. వాటిని చూసి ఇక్కడి మోడల్‌కూ అంతే అనుకోవద్దు. ఇక్కడ మన చేతిలో ఉండేది కంపెనీ రాసిచ్చిన జవాబే. అందుకే ఆ మెయిల్‌ను, కంప్లయింట్ నంబర్‌ను బిల్లుతోపాటు దాచాలి.

ఒక సంగతి మరవొద్దు. టీవీ కంపెనీ మాట యాప్ కంపెనీకి వర్తించదు. టీవీకి అప్‌డేట్లు వస్తున్నా, ఫలానా యాప్ తన పాత వెర్షన్‌ను ఆపేయొచ్చు. అలాగే గడువు తీరిన మర్నాడే టీవీ ఆగిపోదు. యాప్‌లు పోయాక హెచ్‌డీఎంఐ సాకెట్‌లో ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే అదే తెర మళ్లీ పనికొస్తుంది. పాత మోడల్ చవగ్గా దొరికినప్పుడు, మిగిలిన నెలలతో పాటు ఆ స్టిక్ ఖర్చు కూడా కలిపి చూసుకోండి. అప్పుడు ఏది నిజంగా చవకో తెలుస్తుంది.