పండుగ సేల్‌లో 70 శాతం తగ్గింపు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

దసరా, దీపావళి సేల్స్‌లో వస్తువు పక్కన కనిపించే తగ్గింపు శాతాన్ని చాలావరకు ఎంఆర్‌పీ మీదే లెక్కగడతారు. ప్యాకెట్ మీద అచ్చువేసిన ఎంఆర్‌పీకి మించి అమ్మడం చట్టవిరుద్ధం. కానీ చాలా వస్తువులకు ఆ అంకెను నిర్ణయించేది తయారీదారో, దిగుమతిదారో. దాంతో ఎవరూ ఏనాడూ చెల్లించని ధరను ఎంఆర్‌పీగా వేసి, దాన్ని కొట్టేసి, కింద అసలు ధర చూపించే వీలుంటుంది. పెద్దగా పేరులేని బ్రాండ్ల ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచీలు, మిక్సీల విషయంలో కొట్టేసిన ధరను అసలు పట్టించుకోకపోవడమే మంచిది.

ఉదాహరణకు 750 వాట్ల, మూడు జార్ల మిక్సీ ఒకటి తీసుకుందాం. ఎంఆర్‌పీ 6,999 రూపాయలు, సేల్ ధర 2,099. తగ్గింపు 70 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అదే మిక్సీ జులై, ఆగస్టు నెలల్లో 2,249కి దొరికిందనుకుందాం. సేల్‌కు రెండు వారాల ముందు ధర 3,499కి ఎక్కి, సేల్ రోజున 2,099కి దిగింది. కొన్నవారికి నిజంగా మిగిలింది 150 రూపాయలు, అంటే ఏడు శాతం కూడా కాదు.

ఇలా ధరలు ముందే పెరగడం కొత్త సంగతి కాదు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ నిర్వహించిన తొలి ‘బిగ్ బిలియన్ డే’ సమయంలో కొన్ని ధరలు మారిపోయాయని విమర్శలు రావడంతో, సంస్థ వ్యవస్థాపకులు మర్నాడే కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాశారు. పాత ధరలను పట్టుకోవడం ఇప్పుడు తేలికే. కీపా, బైహట్కే వంటి సేవల్లో వస్తువు లింకు ఇస్తే గత నెలల ధరలు గీతగా కనిపిస్తాయి. అందులో చూడాల్సింది అత్యధిక ధరను కాదు, ఎక్కువ రోజులు నిలిచిన ధరను. అన్ని వస్తువులకూ ఈ చరిత్ర దొరకదు. అందుకే కొనాలనుకున్నదాన్ని నెల ముందే కార్ట్‌లో వేసి, ధర స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

బ్యాంకు కార్డు మీద పదిశాతం తగ్గింపుకీ షరతులుంటాయి. కనీసం 5,000 రూపాయల బిల్లు కావాలంటే పై మిక్సీకి అది వర్తించదు. దానికోసం అక్కర్లేని వస్తువులు కలిపితే పోయేది కొన్నవారి డబ్బే.

ధర తేలాక రివ్యూల సంగతి. నకిలీ రివ్యూల దందా ఎక్కువగా టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో సాగుతుంది. కొనుగోలుదారు వస్తువును మామూలుగానే ఆర్డర్ చేసి, అయిదు నక్షత్రాలిచ్చి, ఆ స్క్రీన్‌షాట్ పంపితే కట్టిన డబ్బు యూపీఐలో వెనక్కి వస్తుంది. ఇక్కడ ఆర్డరూ, చెల్లింపూ నిజమైనవే. కనుక ‘వెరిఫైడ్ పర్చేజ్’ అన్న ముద్ర వస్తువు కొన్నారని మాత్రమే చెబుతుంది, అభిప్రాయం నిజాయితీగా రాశారని చెప్పదు.

ఇలాంటివి తేదీల దగ్గర దొరికిపోతాయి. పై మిక్సీకి 240 రివ్యూలు, సగటు 4.3 అనుకుందాం. కొత్తవి ముందు కనిపించేలా వరుస మార్చి చూస్తే, వాటిలో 150 సెప్టెంబరు మొదటి వారంలోనే వచ్చాయి, అన్నీ అయిదు నక్షత్రాలే. వాటిని పక్కన పెడితే మిగిలిన 90 మంది ఇచ్చిన సగటు 3.1 మాత్రమే. నిజమైన సేల్ తర్వాత కూడా రివ్యూలు ఒక్కసారిగా పెరుగుతాయి, కాబట్టి తేదీలొక్కటే చాలవు, రాసిన మాటలు కూడా చూడాలి. ‘సూపర్ ప్రొడక్ట్, డబ్బుకు తగ్గ విలువ’ అనే మాట ఏ వస్తువుకైనా సరిపోతుంది. ఇడ్లీ పిండి రెండోసారి వేసేసరికి మోటారు కాలిన వాసన వచ్చిందనో, చట్నీ జారు మూత దగ్గర కారుతోందనో రాసినవారు ఆ మిక్సీని వాడి ఉంటారు. ఇలాంటి వివరాలు మూడు, రెండు నక్షత్రాల రివ్యూల్లో ఎక్కువగా దొరుకుతాయి. మిక్సీ పేజీలో ఫోను కవర్‌ను మెచ్చుకునే రివ్యూ కనిపిస్తే, పాత వస్తువు రేటింగులను కొత్తదానికి తగిలించారని అనుమానించాలి.

అమ్మకందారు వినియోగదారుడిలా నటించి రివ్యూ రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ‘రెండే మిగిలాయి’ వంటి అబద్ధపు తొందరను 2023 డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఆన్‌లైన్ రివ్యూల ప్రమాణం ఐఎస్ 19000 మాత్రం స్వచ్ఛందంగా పాటించేదిగానే వచ్చింది. మోసం జరిగిందనిపిస్తే వస్తువు పేజీ, ధర, ఆర్డర్ వివరాల స్క్రీన్‌షాట్లు దగ్గరుంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయాలి. సేల్ ముగిశాక ఆ పేజీ మారిపోవచ్చు, కాబట్టి స్క్రీన్‌షాట్లు కొన్న రోజే తీసుకోవాలి.