సూది బెజ్జం దగ్గర బయటపడే చత్వారం

చత్వారం వచ్చిన సంగతి దర్జీకి సూది బెజ్జం దగ్గరే తెలిసిపోతుంది. మిషన్‌కు మామూలుగా వాడే 14 నంబరు సూది మందం 0.9 మిల్లీమీటరు. దాని బెజ్జం వెడల్పు అందులో సగం కూడా ఉండదు. పేపరులో అక్షరం కాస్త మసకబారినా వాక్యాన్ని బట్టి ఊహించి చదివేయవచ్చు. బెజ్జం విషయంలో ఆ వీలు లేదు. దారం లోపలికి వెళ్తుంది, లేదా పక్కనుంచి జారిపోతుంది.

బజారు వీధిలో చిన్న షాపు పెట్టుకున్న 52 ఏళ్ల దర్జీ సంగతి చూద్దాం. ముప్పై ఏళ్లుగా జాకెట్లు, ప్యాంట్లు కుడుతున్నాడు. నాలుగైదేళ్లుగా నల్ల గుడ్డ మీద నల్ల దారంతో చేసే పనిని పగటికే ఉంచుకుంటున్నాడు. తర్వాత ట్యూబులైటు చాలడం లేదని మిషన్ పక్కన మరో బల్బు పెట్టించాడు. ఆ వెలుతురు కొన్నాళ్లు నిజంగానే పనిచేసింది. వెలుగు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది, దాంతో మసక కొంత తగ్గుతుంది. అందుకే చత్వారం వచ్చినవాళ్లలో చాలామంది తప్పు కంటిది కాదు, వెలుతురుదే అనుకుంటారు.

కంటిపాప వెనక ఉండే కటకం చిన్న వయసులో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు దాని చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కటకం ఉబ్బుతుంది, బొమ్మ స్పష్టంగా పడుతుంది. వయసు పెరిగేకొద్దీ కటకం గట్టిపడుతుంది. కండరం పని చేస్తున్నా కటకం ఉబ్బదు. గట్టిపడిన కటకాన్ని కంటి వ్యాయామాలు గానీ క్యారెట్లు గానీ మళ్లీ మెత్తబరచలేవు. పదేళ్ల పిల్లవాడు పది సెంటీమీటర్ల లోపు పెట్టినా చూడగలిగిన వస్తువును యాభై దాటినవాళ్లు చెయ్యి చాచి పట్టుకోవాల్సి వస్తుంది.

పేపరైతే దూరం జరిపితే సరిపోతుంది. దర్జీకి చిక్కు అక్కడే వస్తుంది. సూదిని దూరంగా పట్టుకుంటే మసక తగ్గుతుంది కానీ బెజ్జం మరీ చిన్నగా కనిపిస్తుంది. పైగా చాచిన చెయ్యి వణుకుతుంది. మిషన్ సూదినైతే జరపడానికే లేదు. మనిషే నడుము వెనక్కి వంచాలి. దారం కొనను నోట్లో తడిపి, నలిపి, కత్తిరించి, మళ్లీ తడిపి తంటాలు పడతాడు. చివరికి పని నేర్చుకుంటున్న కుర్రాణ్ణి, “ఒరేయ్, ఇది కాస్త ఎక్కించరా” అని పిలుస్తాడు. కుర్రాడు రాని రోజు పని ఆగిపోతుంది.

అయినా ఈ దర్జీ రెండేళ్లపాటు అద్దాల మాట ఎత్తనివ్వలేదు. అద్దాలు పెడితే కన్ను వాటికి అలవాటుపడి ఇంకా చెడిపోతుందని అతని భయం. ఈ భయం చాలామందికి ఉంది, కానీ అది నిజం కాదు. పెట్టుకున్నా మానినా కటకం తన లెక్కన తాను గట్టిపడుతూనే ఉంటుంది. నంబరు పెరగడానికి వయసే కారణం. ఒకరి కొలతకు కుట్టిన నేవీబ్లూ ప్యాంటు అంచు వంకరపోయి, అదంతా విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చాక అతను కంటి పరీక్షకు వెళ్లాడు.

పరీక్షలో అతని దూరపు చూపు బాగానే ఉందని తేలింది. దగ్గరి పనికి లెక్క ఇలా ఉంటుంది. 33 సెంటీమీటర్ల దూరంలో సూదిని స్పష్టంగా చూడాలంటే కంటికి మూడు డయాప్టర్ల శక్తి కావాలి. ఈ వయసులో మిగిలి ఉండేది సుమారు రెండున్నర నుంచి మూడు. అందులోనూ గంటల తరబడి అలసట లేకుండా వాడుకోగలిగేది సగమే. తక్కువపడిన దాన్ని అద్దం పూరించాలి. అతనికి +1.75 సరిపోయింది. ఆ అద్దాలతో కూర్చుని దారాన్ని మొదటిసారికే ఎక్కించాడు.

కొత్తలో ఒక ఇబ్బంది ఉంటుంది. దగ్గరి అద్దాలతో తల ఎత్తి చూస్తే గుమ్మంలో నిలబడ్డ గిరాకీ మొహం మసకగా కనిపిస్తుంది. అద్దాల్లో లోపమేమీ లేదు, అవి చేసే పనే అది. సగం అద్దాలను ముక్కు మీదికి దించి పెట్టుకోవచ్చు, లేదా బైఫోకల్ తీసుకోవచ్చు. బజారులో దొరికే రెడీమేడ్ అద్దాలకు రెండు వైపులా ఒకే నంబరు ఉంటుంది. రెండు కళ్ల చూపు ఒకేలా లేనివాళ్లకు, అడ్డసైటు ఉన్నవాళ్లకు అవి నప్పవు, తలనొప్పి తెస్తాయి.

చత్వారం నెమ్మదిగా, రెండు కళ్లకూ కలిసి వస్తుంది. ఒక కన్నే మసకబారినా, చూపు ఉన్నట్టుండి తగ్గినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా అది వేరే జబ్బు. వెంటనే డాక్టరుకు చూపించాలి. అరవైలలో అద్దాలు లేకుండానే దగ్గరిది మళ్లీ కనిపించడం మొదలైతే, అది శుక్లం ముదురుతున్న సూచన కావచ్చు.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన ఆకు కోసేవాళ్లకు దగ్గరి అద్దాలు ఇచ్చి చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే వాళ్ల పని సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. అదే ఏడాది ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు శిబిరాల్లోనూ దగ్గరి అద్దాలు ఉచితంగా ఇచ్చారు.

దర్జీలు, మగ్గం పనివాళ్లు కంటి పరీక్షకు వెళ్లేటప్పుడు తాము వాడే సూది, దారం వెంట తీసుకువెళ్లాలి. పనిని ఎంత దూరంలో పట్టుకుంటారో అక్కడే పట్టుకుని చూపించాలి. చదివే దూరానికి ఇచ్చిన నంబరు కుట్టే దూరానికి చాలకపోవచ్చు. అరవై దాటేదాకా రెండేళ్లకోసారి నంబరు మళ్లీ చూపించుకోవాలి.