ప్లగ్గు పీకాక మిగిలే తీగలు

వేసవి చివర ఉరుముల వాన వెలిశాక రిపేరు షాపులకు చేరే గేమ్ కన్సోళ్లలో ఒక రకం ఉంటుంది. బటన్ నొక్కితే బీప్ వస్తుంది, లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది. టీవీలో మాత్రం బొమ్మ రాదు. మూత తీసి చూస్తే కాలిన వాసన లేదు, నల్లటి మచ్చ లేదు, ఫ్యూజు పోలేదు, పవర్ సప్లై నిక్షేపంగా ఉంది. పిడుగు దెబ్బ కరెంటు తీగలోంచే వచ్చి ఉంటే ముందు పోవలసింది పవర్ సప్లై. అది బతికి, టీవీకి బొమ్మ పంపే చిప్ ఒక్కటే పోయిందంటే దెబ్బ వేరే దారిన తిరిగిందన్నమాట. ఆ దారి చాలాసార్లు హెచ్‌డీఎంఐ కేబులే.

పిడుగులు మనకు కొత్త కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. పిడుగు సరిగ్గా ఇంటి మీదే పడితే బజారులో దొరికే ఏ ప్లగ్ బోర్డూ కాపాడలేదు. అదృష్టం కొద్దీ అది అరుదు. ఎక్కువ నష్టం చేసేవి వీధి చివర కొబ్బరిచెట్టు మీదో, ట్రాన్స్‌ఫార్మర్ స్తంభం మీదో పడి మన ఇంటిని తాకకుండా పోయినవే. వాటినుంచి తప్పించుకోవచ్చు, కాకపోతే అవి ఎలా లోపలికి వస్తాయో తెలియాలి.

కరెంటు తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాదు. దాని ఒళ్లంతా ఒకే వోల్టేజీలో ఉంటుంది కనుక. కన్సోల్ పరిస్థితి అది కాదు. దానికి ఒక పక్క కరెంటు తీగ, ఇంకో పక్క హెచ్‌డీఎంఐ ద్వారా టీవీ, ఆ టీవీకి సెట్‌టాప్ బాక్సు, దానినుంచి డాబా మీది డిష్‌కో వీధి స్తంభానికో పోయే కేబుల్. మూడో పక్క రౌటర్ నుంచి వచ్చే లాన్ తీగ. ఒక్కో తీగ ఇంట్లోకి ఒక్కో చోటునుంచి వస్తుంది. ఉరుముల వేళ వీటి మధ్య వోల్టేజీ తేడా పుడుతుంది. ఆ తేడా తీరే చోటు కన్సోల్ బోర్డు.

తేడా ఎంత ఉంటుందో లెక్క వేసి చూడవచ్చు. పిడుగులో కరెంటు గరిష్ఠంగా 30 వేల ఆంపియర్ల దాకా పోవడం మామూలే. ఇక్కడ ముఖ్యం అది ఎంతన్నది కాదు, ఎంత వేగంగా పెరిగిందన్నది. మైక్రోసెకనుకు 10 వేల ఆంపియర్ల చొప్పున పెరిగిందనుకుందాం. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు. పిడుగు ఇంటికి 100 మీటర్ల దూరంలో పడింది. ఇంట్లో కరెంటు వైరు ఒక గోడ వెంట, డిష్ కేబుల్ ఇంకో గోడ వెంట వచ్చి టీవీ దగ్గర కలుసుకున్నాయి. ఆ రెంటి మధ్య ఏర్పడ్డ చట్రం 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు, అంటే 30 చదరపు మీటర్లు. పిడుగు చుట్టూ పుట్టి పెరిగే అయస్కాంత క్షేత్రం ఆ చట్రంలో సుమారు 600 వోల్టులు పుట్టిస్తుంది. ఏ తీగా పిడుగును తాకలేదు, అయినా ఇంత. అదే మెరుపు దారిలో వెనువెంటనే వచ్చే రెండో, మూడో దెబ్బల్లో కరెంటు ఇంతకు నాలుగు రెట్ల వేగంతో పెరగవచ్చు. అప్పుడు లెక్క 2,400 వోల్టులు.

హెచ్‌డీఎంఐ చిప్పు పనిచేసేది 3.3 వోల్టుల దగ్గర. బొమ్మను మోసే జంట తీగల మీద సంకేతం ఊగేది అర వోల్టు. ప్లేస్టేషన్ 5లో ఈ పని చేసేది పానాసోనిక్ తయారీ ఎంఎన్864739 చిప్. బోర్డుల రిపేరు చేసేవాళ్లకు దీని ముందుతరాల చిప్‌లు కూడా బాగా పరిచయం, ఎందుకంటే మార్చేవి అవే. సాకెట్ దగ్గర రక్షణ డయోడ్లు లేకపోలేదు. అవి చలికాలం తివాచీ మీద నడిచినవాడు తాకితే వేలినుంచి చిటుక్కుమనే స్థిర విద్యుత్తు కోసం పెట్టినవి. పరీక్షల్లో వాడే ఆ చిటుకు 8 వేల వోల్టులదే అయినా అందులోని శక్తి జౌలులో సుమారు 200వ వంతు. తీగల్లో పరుగెత్తే పిడుగు అల దానికి వెయ్యి రెట్లు శక్తి తెచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ ముందు డయోడ్లు నిలవవు.

ఇంకో చిక్కు ఉంది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటికీ ఇచ్చే కరెంటు తీగకు రెండే పిన్నులు, ఎర్త్ లేదు. పవర్ సప్లైలో మెయిన్స్ వైపుకూ లోపలి సర్క్యూట్ వైపుకూ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కాస్త కరెంటు ఎప్పుడూ కారుతుంది. కన్సోల్ లోహపు అంచునో, ఊడదీసిన హెచ్‌డీఎంఐ కొసనో తడి చేత్తో తాకినప్పుడు జివ్వుమనేది ఇదే. మామూలు రోజుల్లో ప్రమాదం లేదు. కానీ ఈ కన్సోళ్లు నేలను అంటుకునేది టీవీ ద్వారానే, టీవీ అంటుకునేది డిష్ కేబుల్ ద్వారానే అన్న సంగతి దీనివల్ల తెలుస్తుంది. ఉరుముల నాడు కేబుల్ తెచ్చిన అల కరెంటు తీగలోకి దూకాలంటే ఈ కన్సోల్ గుండానే దూకాలి.

లాన్ తీగ కాస్త మెరుగు. ఈథర్నెట్ ప్రమాణం ప్రకారం ప్రతి లాన్ సాకెట్ వెనుక ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1,500 వోల్టుల ఏసీని ఒక నిమిషం తట్టుకోవాలి. పై లెక్కలోని 600 వోల్టులను అవి ఆపుతాయి, 2,400 దగ్గర చేతులెత్తేయవచ్చు. ఇప్పటికీ కొన్ని వీధుల్లో డాబా మీదుగా డాబాకు లాగిన రాగి లాన్ తీగే ఇంటర్నెట్ కనెక్షన్. అలాంటి తీగ ఆకాశంలో కట్టిన దండెం లాంటిదే, ఇక అది కన్సోల్‌కు చేరకూడదు. ఫైబర్ కనెక్షన్ అయితే గాజు నారలో కరెంటు పారదు, అయితే వేలాడే ఫైబర్ కేబుల్లో బలం కోసం ఉక్కు తీగ ఉండవచ్చు, ఫైబర్ పెట్టెకు అడాప్టరు ఉంటుంది, అక్కడినుంచి కన్సోల్‌కు రాగి తీగే. వైఫై వాడితే ఈ బాధ లేదు. ఆట కాస్త తడబడుతుందని గేమర్లు వైఫైని ఈసడిస్తారు, కానీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా దానితో సర్దుకుంటే ఒక దారి పూర్తిగా మూసుకుపోతుంది. ఫైబర్ అని రాసి అమ్మే పొడవాటి హెచ్‌డీఎంఐ కేబుళ్లను మాత్రం నమ్మి ఊరుకోకూడదు. బొమ్మ గాజులో పోయినా, 5 వోల్టులకూ చిన్న సంకేతాలకూ చాలావాటిలో రాగి తీగలు ఉంటాయి.

మరి సర్జ్ ప్రొటెక్టర్, స్పైక్ గార్డ్ అని అమ్మే బోర్డుల సంగతి? వాటి లోపల జింక్ ఆక్సైడ్ బిళ్లలు ఉంటాయి. వోల్టేజీ హద్దు మీరగానే ఇవి వాహకాలుగా మారి అలను మళ్లిస్తాయి. చౌకవాటిలో ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఒక్క బిళ్లే. మంచివాటిలో ఎర్త్ వైపూ ఉంటాయి, కానీ గోడలో ఎర్త్ లేకపోతే అవి అలంకారమే. ఎర్త్ ఉన్నా దూరంగా ఉంటే ఫలితం తక్కువ. మీటరు తీగకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. మైక్రోసెకనులో వెయ్యి ఆంపియర్లకు పెరిగే అల 10 మీటర్ల ఎర్త్ తీగలో పారితే ఆ తీగ రెండు కొసల మధ్య 10 వేల వోల్టులు ఏర్పడతాయి. అంటే అలను నేలకు పంపుతున్నామనుకున్న బోర్డు, తాను ఉన్నచోట వోల్టేజీని వేలల్లోకి ఎగదోస్తుంది. కన్సోల్ కరెంటు వైపు దానితోపాటు పైకి లేస్తుంది, డిష్ కేబుల్ పట్టుకున్న టీవీ వైపు లేవదు. ఆ తేడా హెచ్‌డీఎంఐ మీద పడుతుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో ఫ్రాంస్వా మార్ట్జ్‌లాఫ్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 2001లో ఆ సంస్థ గృహస్థుల కోసం తెచ్చిన చిన్న పుస్తకంలో చెప్పిన మందు సూటిగా ఉంటుంది: పరికరానికి రెండు రకాల తీగలు వస్తుంటే ఆ రెండూ ఒకే రక్షణ పెట్టె గుండా రావాలి. అప్పుడు వోల్టేజీ పెరిగినా అన్నీ కలిసి పెరుగుతాయి, తేడా రాదు. మన ఇళ్లలో ఇలా చేయాలంటే టీవీ, సెట్‌టాప్ బాక్సు, కన్సోల్, రౌటర్ అన్నీ ఒకే బోర్డు మీదికి తేవాలి, డిష్ కేబుల్‌కూ లాన్‌కూ సాకెట్లున్న ప్రొటెక్టర్ కొనాలి, డిష్ ఫ్రేమును ఇంటి ఎర్త్‌కే కలపాలి. దానికి వేరే ఎర్త్ గుంట తవ్వితే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఉన్న ఎర్త్ గుంట వేసవిలో బీటలువారి ఎండిపోతుంది, ఉరుములు వచ్చేది సరిగ్గా అప్పుడే. వారానికో రెండు బకెట్లు నీళ్లు పోయించడం ఎవరికీ భారం కాదు.

గాలివానలో పిడుగు ఒక్కటే శత్రువు కాదు. చెట్టు కూలి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే, 230 వోల్టులు రావలసిన ఇంట్లోకి 400 వోల్టుల దాకా వచ్చి నిమిషాల తరబడి నిలుస్తాయి. జింక్ ఆక్సైడ్ బిళ్లలు మైక్రోసెకన్ల పనికే పుట్టినవి, ఇక్కడ అవే మండిపోతాయి. ఈ పూట ఆదుకునేది హై వోల్టేజీ కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ లేదా ప్లగ్గు పీకి ఉంచడం. కరెంటు తిరిగి రాగానే పెట్టకుండా, ఫ్యాన్లూ లైట్లూ నిలకడగా పనిచేయడం చూసి పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ఖర్చులేని రక్షణ తీగలు ఊడదీయడమే. స్విచ్ కట్టేస్తే చాలదు. గోడ స్విచ్ ఫేజ్‌ను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే అంటుకుని ఉంటుంది. స్విచ్ లోపలి సందు కొద్ది మిల్లీమీటర్లే, కొన్ని వేల వోల్టులు దాన్ని దూకేస్తాయి. కన్సోల్‌ను ముందు పూర్తిగా ఆపాలి, రెస్ట్ మోడ్‌లో ఉండగా పీకితే సేవ్ ఫైళ్లు చెడవచ్చు. తర్వాత ప్లగ్గు, ఆ తర్వాత లాన్ తీగ, సెట్‌టాప్ బాక్సుకు వచ్చే డిష్ కేబుల్. ఈ మూడూ పోతే హెచ్‌డీఎంఐ ఉన్నా దానికి చుట్టూ తిరిగే దారి లేదు. తిరిగి పెట్టేటప్పుడు హెచ్‌డీఎంఐ ముందు, కరెంటు చివర.

ఎప్పుడు పీకాలన్నది పిడుగు ఎంత దూరంలో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే అది 10 కిలోమీటర్ల దూరం, పని ముగించే వేళ. పుణెలోని ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ పరిసరాల్లో మెరుపులను ముందే చూపుతుంది. ఉరుము మీద ఉరుము వినపడుతున్నాక తీగలను ముట్టకూడదు, అప్పుడు కన్సోల్‌ను వదిలేయాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

దెబ్బ తగిలాక కన్సోల్ ఆన్ అయి బొమ్మ రాకపోతే ముందు వేరే కేబుల్, వేరే టీవీ ప్రయత్నించాలి. ఫోన్‌లో రిమోట్ ప్లే ముందే పెట్టుకుని ఉంటే దాన్ని తెరవండి: ఫోన్‌లో ఆట కనిపిస్తే లోపలి ప్రాసెసరు, డిస్కు బాగున్నట్టే, పోయింది హెచ్‌డీఎంఐ వైపు మాత్రమే. పాత టీవీ సాకెట్‌కు కొత్త కన్సోల్ తగిలించే ముందు ఆ సాకెట్‌ను ఏదైనా పాత డీవీడీ ప్లేయర్‌తో పరీక్షించుకోండి, రిపేరుకు ఇచ్చేటప్పుడు పిడుగు పడిందని చెప్పి లాన్ సాకెట్ కూడా చూడమనండి.