ఇందాకే చదివాం కదా!

కొండపల్లి బొమ్మల మీద 1,800 మాటల వ్యాసం ఒకటి ఉందనుకుందాం. రెండో పేరాలో 'తెల్లపొణికి కర్ర కొరతతో కళాకారులు సతమతమవుతున్నారు' అని ఉంది. ఎనిమిదో పేరాలో 'ముడిసరుకు అందక ఈ కళ మనుగడే ప్రశ్నార్థకమైంది' అని వస్తుంది. పదమూడో పేరాకి వచ్చేసరికి 'అడవుల్లో పొణికి చెట్లు తగ్గడం బొమ్మల తయారీని దెబ్బతీసింది' అంటుంది. మూడింటిలోనూ మాటలు వేరు కాబట్టి రాసినవారికి అవి మూడు సంగతులుగానే తోస్తాయి. చదివేవారికి మాత్రం ఉన్నది ఒక్కటే. రెండోసారికి కళ్లు పేరా దాటేస్తాయి, మూడోసారికి పేజీయే తిప్పేస్తాయి.

పెద్ద వ్యాసాన్ని ఒక్క విడతలో రాసేవాళ్లు తక్కువ. మర్నాడు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఊపు అందుకోవడానికి నిన్నటి సంగతినే ఇంకో రకంగా రాస్తారు. ఇక ఇంటర్వ్యూల సంగతి సరేసరి. 'కర్ర దొరక్క ఇబ్బందులు పడుతున్నారు' అని రచయిత రాసి, వెంటనే 'కర్ర దొరకడం లేదండీ, చాలా ఇబ్బందిగా ఉంది' అని కళాకారుడి చేత చెప్పిస్తాడు. పత్రికల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పునరుక్తి ఇదే. ఇలాంటి చోట రచయిత వాక్యం పోవాలి, మనిషి మాట మిగలాలి. ఆ మాటలోనూ పస లేకపోతే రెండూ పోవాలి.

అమెరికన్ నవలాకారుడు స్టీఫెన్ కింగ్ స్కూల్లో చదివే రోజుల్లో ఒక పత్రికకు కథ పంపితే, అది తిరిగొచ్చింది. రెండో ప్రతి మొదటి ప్రతి కంటే పది శాతం తక్కువుండాలని దాని మీద ఎవరో రాసిపెట్టారు. ఆ సూత్రం తనకు ఎంత పనికొచ్చిందో 2000లో వచ్చిన 'ఆన్ రైటింగ్'లో ఆయన చెప్పుకొచ్చారు. లెక్క బాగానే ఉంది కానీ, చాలామంది ఆ పది శాతాన్ని విశేషణాల్లోంచి, 'నిజానికి', 'ముఖ్యంగా' లాంటి మాటల్లోంచి గిల్లుతారు. అప్పుడు వాక్యాలు బిగుస్తాయే తప్ప చెప్పిందే చెప్పడం పోదు.

అది పోవాలంటే వేరే పని చెయ్యాలి. వ్యాసాన్ని ఒకటి రెండు రోజులు పక్కనపెట్టి, ఆ తర్వాత పేరాలకు వరుసగా అంకెలు వేసి, ప్రతి పేరా పక్కనా అది ఏం చెబుతోందో ఒక్క ముక్కలో రాసుకోవాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. 'కర్ర గురించి' అని రాసుకుంటే ఏమీ తేలదు. ఆ కర్ర ఎందుకంత తేలికో చెప్పే పేరాకూ, అది దొరకడం లేదని చెప్పే పేరాకూ అదే గుర్తు సరిపోతుంది. 'కర్ర దొరక్క తయారీ తగ్గింది' అని క్రియతో సహా పూర్తి వాక్యం రాసుకుంటే రెండు, ఎనిమిది, పదమూడు పేరాల పక్కన ఒకే వాక్యం పడుతుంది. దొంగ అక్కడికక్కడే దొరుకుతాడు.

దొరికినవాటిలో ఏది ఉంచాలి? మొదటిదే ఉంచాలనేం లేదు. మన వ్యాసంలో ఎనిమిదో పేరాకి ముందు తయారీ అంతా ఉందనుకోండి: కర్రను వేడిచేసి తేమ పోగొట్టడం, కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కడం, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో వాటిని అతకడం. ఇదంతా చదివాక కొరత మాట వస్తే పోతున్నదేమిటో పాఠకుడికి తెలుస్తుంది. రెండో పేరాలో అది ఉత్త సమాచారం. కాబట్టి ఎనిమిదో పేరానే ఉంచాలి. అయితే తీసేసే పేరాలను గుడ్డిగా కొట్టేయకూడదు. అడవుల్లో చెట్లు తగ్గాయన్న కారణం పదమూడో పేరాలోనే ఉంది. దాన్ని ఎనిమిదిలోకి తెచ్చి, మిగతాది తీసేయాలి.

కోత అయ్యాక అతుకులు చూసుకోవాలి. 'అందుకే', 'ఈ పరిస్థితిలో' లాంటి మాటలు ఇప్పుడు లేని పేరా వైపు వేలు చూపిస్తూ మిగిలిపోతాయి. 'పైన చెప్పినట్టు' అన్న మాట కనబడితే మరీ అనుమానించాలి. పైన చెప్పాక మళ్లీ ఎందుకో అక్కడే తేల్చుకోవాలి.

అన్ని పునరుక్తులూ కత్తిరించాల్సినవి కావు. మన ఆలంకారికులు పునరుక్తిని దోషంగా లెక్కించినా, దుఃఖంలోనో సంభ్రమంలోనో ఉన్న మనిషి నోట వస్తే తప్పు పట్టలేదు. మందు మోతాదు గురించిన హెచ్చరికను రెండుసార్లు చెప్పినా నష్టం లేదు. మొదట్లో పరిచయమైన మనిషి పది పేరాల తర్వాత మళ్లీ వస్తే అతనెవరో రెండు మాటల్లో గుర్తు చెయ్యాలి.

ఇంతా చేశాక ఎక్కువమంది చెయ్యి వెయ్యడానికి జంకే చోటు ముగింపు. వ్యాసమంతా చెప్పిందాన్ని కుదించి మళ్లీ వినిపించే పేరా అక్కడే కాపురం పెడుతుంది. అచ్చుకు పంపే ముందు చివరి పేరాను తీసేసి ఒకసారి చదవండి. లోటేమీ తెలియకపోతే దాన్ని మళ్లీ పెట్టకండి.